పాప డబ్బా మీద 粉 అని ఉంది: తినిపించేదా, ఒంటికి రాసేదా?

నాగావళి_లత
మా ఆయన ఓడలో పనిచేస్తారు. పోయిన నెల చైనాలో ఒక రేవులో ఓడ ఆగితే ఒడ్డుకు దిగి మా పాపకి ఒక డబ్బా కొన్నారు. సెలవు మీద ఊరికి వస్తున్న సోంపేట స్నేహితుడి చేత పంపించారు. పాపకి ఏడో నెల. అరసవల్లిలో అన్నప్రాసన చేయించి నెల కూడా కాలేదు. ఫోన్‌లో ఆయన చెప్పింది ఒక్క మాటే, "పాపకి పౌడర్ పంపాను" అని. ఇప్పుడు ఓడ నడిసముద్రంలో ఉంది. ఇంకో ఆరు రోజుల దాకా ఫోన్ కలవదు.

డబ్బా తెల్లగా ఉంది, నీలం మూత. ముందువైపు నవ్వుతున్న పాప బొమ్మ, దాని కింద మొక్కజొన్న పొత్తు, వరి వెన్ను. పైన పెద్ద అక్షరాల్లో 婴儿 అని ఉంది, ఆ తర్వాత కొట్టువాళ్ళు అంటించిన ధర కాగితం, కాగితం దాటాక 粉. మధ్యలో ఏముందో కనబడదు. ఫొటో పెట్టాను చూడండి.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌తో మూడుసార్లు చూశాను. ఒకసారి "పాప గులాబీ రంగు" అంది, ఇంకోసారి "బేబీ పౌడర్" అంది, మూడోసారి "బేబీ నూడుల్స్" అంది. కింద చిన్న అక్షరాలకి "శుభ్రమైన పరిమాణం 225 గ్రాములు" అని వచ్చింది. శుభ్రం అంటే ఒంటి శుభ్రం గురించే కదా, స్నానం తర్వాత రాసే పౌడరేమో అని నా అనుమానం. మా అత్తగారేమో ఇది ఉగ్గులాంటిదే, నీళ్ళలో కలిపి పెట్టేద్దాం అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి_రమణి
పసిపిల్లలకి పౌడర్లు రాయకమ్మా. ముక్కులోకి పోతుంది, దగ్గొస్తుంది. మా ఇంట్లో ముగ్గురు పిల్లలకీ సున్నిపిండే. పెసలు, కచ్చూరాలు, కొంచెం పసుపు వేసి మరపట్టించుకో.

నాగావళి_లత
రమణక్కా, ఏ పౌడర్ మంచిదని అడగలేదు. ఇది అసలు రాసుకునే పౌడరో, తినేదో తెలియక అడుగుతున్నాను.

చీపురుపల్లి_మాస్టారు
ఆ 粉 అనే అక్షరం రెండు ముక్కలు. ఎడమవైపు ముక్క 米, అంటే బియ్యం. కుడివైపు ముక్క 分, అంటే విడగొట్టడం, భాగాలు చేయడం. బియ్యాన్ని ముక్కలు ముక్కలు చేస్తే వచ్చేది పిండి. రిటైరయ్యాక నాకు లిపుల మీద ఆసక్తి పెరిగి కొంత చదివాను. బియ్యం గుర్తు ఉంది కాబట్టి తినే వస్తువే. పైగా డబ్బా మీద వరి వెన్ను బొమ్మ కూడా ఉందంటున్నారు. అత్తగారి మాటే నిజం.

విజీనారం_చిన్నా
బార్‌కోడ్ చూడక్కా. 69తో మొదలైతే తినేది అనుకుంటా. మా హాస్టల్లో ఒకడు చైనా బిస్కెట్లు తెచ్చాడు, వాటి మీద 69 ఉంది. లేదంటే చిటికెడు నాలుక మీద వేసుకుని చూడు, తేలిపోతుంది.

టెక్కలి_డాక్టరు
ఎవరూ నాలుక మీద వేసుకోవద్దు. పాపకి అసలే వద్దు.

నేను చైనాలో ఆరేళ్ళు మెడిసిన్ చదివాను. మొదటి సంవత్సరమంతా కొట్లలో ఇలాంటి డబ్బాల ముందే నిలబడేవాణ్ణి. ఒక్కొక్కటీ చెప్తాను.

చిన్నా, బార్‌కోడ్ 690 నుంచి 699 దాకా దేనితో మొదలైనా ఆ నంబరు చైనాలో నమోదైందని అర్థం. బిస్కెట్టుకీ అదే, బూట్ల పాలిష్‌కీ అదే. డబ్బాలో ఏముందో దాన్నిబట్టి తెలియదు.

మాస్టారూ, మీరు చెప్పింది సగం సరిగ్గానే ఉంది. ఎడమవైపు ఉన్నది బియ్యమే. కుడివైపు ముక్క మాత్రం ముఖ్యంగా ఉచ్చారణ కోసం. అది "ఫెన్" అని పలుకుతుంది కాబట్టి మొత్తం అక్షరం కూడా ఫెన్. అసలు సంగతి ఏమిటంటే, సుమారు 1900 ఏళ్ళ కిందటి షువో వెన్ అనే చైనా నిఘంటువు ఈ అక్షరానికి ఇచ్చిన అర్థం తినే పిండి కాదు, ముఖానికి పూసుకునేది! పాతకాలంలో ముఖానికి రాసుకునే పొడిని బియ్యంతో చేసేవారు, అందుకే బియ్యం గుర్తు. కాబట్టి ఆ గుర్తుని చూసి తినేదని చెప్పలేం. బట్టలుతికే పౌడర్ 洗衣粉 చివర కూడా ఇదే అక్షరం. దాన్ని ఎవరూ తినరు కదా.

ఇప్పుడు యాప్ సంగతి. 粉కి పొడి, పిండి, నూడుల్స్‌లాంటి సేమ్యా, గులాబీ రంగు, ఇవన్నీ నిజమైన అర్థాలే. యాప్ తప్పు చెప్పలేదు. దానికి కనబడిన ఒక్క అక్షరానికి తోచిన అర్థం చెప్పింది. ఏ అర్థమో తేల్చేది ఆ కాగితం కింద దాగిన అక్షరం. అక్కడ 米 ఉంటే పిల్లలకి కలిపి పెట్టే బియ్యప్పిండి ఉగ్గు. 奶 ఉంటే పాలపొడి. 爽身 అనే రెండక్షరాలు ఉంటే ఒంటికి రాసే పౌడర్.

బొబ్బిలి_రమణి
అయితే మన పిండి లాంటిదే అన్నమాట! వరిపిండి తింటాం, సున్నిపిండి రాసుకుంటాం, ముగ్గుపిండి గుమ్మం ముందు వేస్తాం. పిండి ఒకటే, ముందున్న మాట మారితే పని మారిపోతుంది. ఇప్పుడు బజార్లో దొరికే ముగ్గుపిండి రాతిపొడి, అది తింటే ఇంకేముంది.

టెక్కలి_డాక్టరు
రమణిగారూ, ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. సరిగ్గా అదే. తెలుగు రానివాడికి "పిండి" అనే మాట ఒక్కటే కనబడితే ఏ పిండో చెప్పలేడు.

చీపురుపల్లి_మాస్టారు
పూసుకునేది అనే అర్థం ముందున్నదని నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ బొమ్మల సంగతేమిటి? మొక్కజొన్న, వరి బొమ్మలు వేసి ఒంటి పౌడర్ అమ్ముతారా?

టెక్కలి_డాక్టరు
అమ్ముతారు మాస్టారూ. టాల్క్ అనే రాతిపొడి బదులు మొక్కజొన్న పిండితో చేసిన పిల్లల పౌడర్లు ఉన్నాయి. డబ్బా మీద మొక్కజొన్న పొత్తు, పక్కన పాప బొమ్మ, పేరు 玉米爽身粉. 玉米 అంటే మొక్కజొన్న. అందులో చూడండి, మళ్ళీ మీ 米 వచ్చింది. బొమ్మని నమ్మి ఉగ్గనుకున్నవాడు దాన్నే కలిపి పెడతాడు. అందుకే మొదటి మాటగా వద్దన్నాను.

కళింగపట్నం_శ్రీను
నేనూ ఓడ మనిషినే, వంటవాణ్ణి. ఈ 粉తో దెబ్బ తిన్నాను. ఒక రేవులో సరుకులకి వెళ్ళి 红薯粉 అని రాసిన పొట్లాలు నాలుగు తెచ్చాను. యాప్‌లో "చిలగడదుంప నూడుల్స్" అని వచ్చింది. పొట్లం మీద కూడా గిన్నెలో సేమ్యా బొమ్మే. రాత్రి ఇరవైమందికి వండుదామని విప్పితే లోపల తెల్లటి పొడి! గంజిపొడి లాంటిది. ఆ రాత్రి అందరికీ అన్నం, పప్పుచారు.

మా చైనా మిత్రుణ్ణి అడిగితే ఆ మూడక్షరాలకి రెండూ అర్థమే అన్నాడు. దుంప పిండికీ అదే పేరు, దానితో చేసిన సేమ్యాకీ అదే పేరు. వాళ్ళే పొట్లం నొక్కి చూస్తారట, గట్టి పోచలు తగులుతున్నాయా, మెత్తగా ఉందా అని. వాళ్ళ భాషవాళ్ళకే అక్షరంతో తేలనప్పుడు మన యాప్‌కి ఎలా తేలుతుంది.

నాగావళి_లత
శ్రీను అన్నా, డబ్బా ఊపితే మెత్తటి పొడే కదులుతోంది. సేమ్యా కాదు. గులాబీ రంగు కూడా కాదనుకుంటున్నాను. కాబట్టి మిగిలింది ఉగ్గా, పాలపొడా, ఒంటి పౌడరా అన్నదే. మరి ఆ "శుభ్రమైన పరిమాణం" సంగతి ఎవరూ చెప్పలేదు. నేను భయపడింది దాన్ని చూసే.

టెక్కలి_డాక్టరు
అదీ ఇలాంటిదే. ఆ వరస 净含量 అయి ఉంటుంది. 净 అంటే శుభ్రం అనే అర్థం ఉంది, గిన్నెలు శుభ్రంగా కడిగారు అనడానికి అదే వాడతారు. ఇంకో అర్థం, కలిసిన వాటిని తీసేశాక మిగిలిన అసలుది. మన కొట్టుల్లో నికరం అంటారు కదా, డబ్బా బరువు తీసేసి సరుకు ఒక్కటే తూస్తే వచ్చేది. 净含量 పక్కన గ్రాములుంటే అది నికర తూకం. దానికీ ఒంటి శుభ్రానికీ సంబంధం లేదు. తినే డబ్బాల మీద ఆ వరస వస్తువు పేరున్న వైపే ఉండాలని చైనాలో నియమం. ఒంటి పౌడర్ డబ్బా మీద కూడా నికర తూకం వేస్తారు. కాబట్టి ఇది ఎటూ తేల్చదు. 225 గ్రాములు రెండింటికీ సరిపోతుంది.

పలాస_జీడిపప్పు
మాది జీడిపప్పు బట్టీ. మూడేళ్ళ కింద చైనా బాయిలర్ తెచ్చాం. దాని మీద 开 అంటే తెరువు, ఆన్ చెయ్యి. 关 అంటే కట్టు, ఆఫ్. ఈ రెండూ నాకు బాగా తెలుసు. మీ డబ్బా మీద 开 ఎక్కడైనా ఉంటే అక్కడ మూత తెరవాలని. అలా ఎక్కడ తెరవాలో చూసుకోండి. ఇంతకీ డాక్టరుగారూ, మా కొత్త మిషను పుస్తకం పది పేజీలు ఫొటోలు పంపితే చదివిపెడతారా?

టెక్కలి_డాక్టరు
పంపండి అన్నా, వేరే చర్చ పెట్టండి, అక్కడ చూద్దాం. ముందు ఈ పాప సంగతి తేలనివ్వండి.

లతగారూ, చైనా అక్షరాలు అన్నీ ఒకే కొలత చదరంలో పడతాయి. కాగితం కింద ఎన్ని అక్షరాలు పట్టే చోటుందో స్కేలు పెట్టి కొలవండి. ఒక అక్షరం పట్టే చోటుంటే 米 గానీ 奶 గానీ, రెండు పడితే 爽身 కావచ్చు.

నాగావళి_లత
కొలిచాను. ఒక్కో అక్షరం వెడల్పు సెంటీమీటరున్నర. కాగితం నాలుగు సెంటీమీటర్లు. దగ్గర దగ్గరగా ఉంటే రెండు పడతాయి, ఎడంగా ఉంటే ఒకటే పడుతుంది. తేలలేదండీ.

విజీనారం_చిన్నా
కాగితం పీకెయ్యి అక్కా!

బొబ్బిలి_రమణి
గట్టిగా లాగకు. కొబ్బరినూనె రాసి ఒక గంట ఆగు, ఊడి వస్తుంది.

నాగావళి_లత
నూనె రాశాను, గంట ఆగాను. కాగితం ఊడింది కానీ దానితో పాటు కింది రంగు కూడా లేచొచ్చింది. అక్కడంతా తెల్లటి మచ్చ. ఎడమ అంచున ఒక చిన్న గీత ముక్క మిగిలింది, అంతే. ఏడుపొచ్చింది.

బొబ్బిలి_రమణి
అయ్యో తల్లీ, నా మాట విని పాడైంది. నాకు బాధగా ఉంది.

టెక్కలి_డాక్టరు
ఇద్దరూ బాధపడకండి. ఆ ఒక్క అక్షరం లేకపోయినా డబ్బా వెనకవైపు చెబుతుంది. వెనక చిన్న అక్షరాలన్నీ అవసరం లేదు. నాలుగు చోట్లు వెతికితే చాలు, అవి కూడా యాప్‌తో కాదు, కంటితో. ఆకారాన్ని పోల్చి చూడండి.

మొదటిది, ఎలా వాడాలో చెప్పే వరస. తినేదైతే చాలావరకు 食用方法 అని ఉంటుంది, ఒంటికి రాసేదైతే 使用方法. మొదటి అక్షరం ఒక్కటే తేడా. 食 అంటే తినడం, 使 అంటే వాడడం. యాప్ రెండింటికీ "వాడే విధానం" అనే చెబుతుంది, అందుకే దాన్ని నమ్మొద్దన్నాను. 食 చూడ్డానికి పైన ఇంటి కప్పులా రెండు వాలు గీతలతో ఉంటుంది. 使 ఎడమవైపు నిలబడ్డ మనిషి గుర్తు. కొన్ని తినే డబ్బాల మీద కూడా 使 వేస్తారు కాబట్టి 使 కనబడినంత మాత్రాన ఒంటి పౌడర్ అనుకోవద్దు. 食 కనబడితే మాత్రం బలమైన సాక్ష్యం.

రెండోది, దేనితో చేశారో చెప్పే వరస. తినేదానికి 配料 అని వేస్తారు. ఒంటికి రాసేదానికి ఎక్కువగా 成分.

మూడోది, లైసెన్సు నంబరు. SC అని ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెంట 14 అంకెలు ఉంటే చైనాలో ఆహారం తయారుచేసే లైసెన్సు. ఒంటికి రాసేవాటి లైసెన్సు నంబరులో 妆 అనే అక్షరం ఉంటుంది, అది అలంకరణకి గుర్తు.

నాలుగోది, పిల్లల ఒంటికి రాసేదైతే చిన్న బంగారు డాలు గుర్తు ఉండొచ్చు. 2022 నుంచి పెడుతున్నారు. రాతిపొడితో చేసిందైతే పిల్లల ముక్కుకీ నోటికీ దూరంగా ఉంచమనే హెచ్చరిక కూడా ఉండాలి. ముక్కు 鼻, నోరు 口.

గడువు తేదీ చూసి నిర్ణయించొద్దు. అది రెండింటి మీదా ఉంటుంది.

కళింగపట్నం_శ్రీను
డాక్టరుగారూ, ఈ పోస్టు మా ఓడ వంటగదిలో అంటించుకుంటాను. నాకు SC సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

నాగావళి_లత
వెనకవైపు ఫొటోలు మూడు పెట్టాను. డబ్బా గుండ్రంగా ఉంది, మా ఇంట్లో కరెంటు లేదు, టార్చి వెలుగులో తీశాను. అంచులు మసకగా వచ్చాయి. నాకు కనబడినవి చెప్తాను. ఇంటి కప్పులాంటి అక్షరంతో మొదలయ్యే వరస ఉంది! అడుగున SC, దాని తర్వాత అంకెలు లెక్కపెట్టాను, పద్నాలుగు. బంగారు డాలు ఎక్కడా లేదు. వాడే విధానం కింద యాప్ "వెచ్చగా తెరిచిన నీరు" అంటోంది. ఇది మళ్ళీ కొత్త భయం.

పలాస_జీడిపప్పు
నేను చెప్పలేదా, 开 అంటే తెరవడమే. వేడినీళ్ళ కుళాయి తిప్పి ఆ నీళ్ళతో స్నానం చేయించాక రాయమని చెబుతున్నాడు. అంటే ఒంటి పౌడరే!

చీపురుపల్లి_మాస్టారు
అలా అయితే 食 ఎందుకుంది? తినమని చెబుతూ స్నానం సంగతి ఎందుకు చెబుతాడు?

టెక్కలి_డాక్టరు
మాస్టారూ, అదే సరైన ప్రశ్న. ఒక్క అక్షరం మీద నిలబడకుండా పక్కనున్న వాటితో పొసుగుతోందా అని చూడాలి.

ఫొటో పెద్దది చేసి చూశాను. ఆ మాట 温开水. జీడిపప్పు అన్నా, మీ బాయిలర్ మీద 开 అంటే తెరవడం, ఆన్ చెయ్యడం, అది నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ 开 పక్కన 水, అంటే నీళ్ళు వస్తే అది మరిగిన నీళ్ళు. చైనాలో హాస్టల్లో ప్రతి అంతస్తులోనూ 开水 అని రాసిన గది ఉండేది, ఫ్లాస్కులు పట్టుకుని వెళ్ళి మరిగిన నీళ్ళు పట్టుకునేవాళ్ళం. ముందు 温 చేరితే మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళు. డబ్బా చెబుతున్నది, మరగకాచి చల్లార్చిన నీళ్ళు గిన్నెలో పోసుకుని, పొడి కొద్దికొద్దిగా వేస్తూ ఉండకట్టకుండా కలపమని. ఒంటికి రాసే పౌడర్ నీళ్ళలో కలపరు.

ఇంకా, 配料 అని స్పష్టంగా ఉంది. దాని తర్వాత మొదటి పేరు 大米. అది బియ్యం. చైనా ఆహార లేబుళ్ళలో ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. కాబట్టి ఇది ముఖ్యంగా బియ్యప్పిండి. లేచిపోయిన అక్షరం 米 అని నా నమ్మకం. 婴儿米粉, పిల్లల బియ్యప్పిండి ఉగ్గు. నాలుగు గుర్తుల్లో మూడు ఒకవైపే చూపిస్తున్నాయి, నాలుగోది అడ్డు రావడం లేదు.

పలాస_జీడిపప్పు
మరిగిన నీళ్ళా! అయితే మా బాయిలర్ పుస్తకంలో 开水 అని ఉన్న చోట నీళ్ళ వాల్వు తెరవమనుకున్నాం ఇన్నాళ్ళూ. రేపే చూసుకోవాలి.

టెక్కలి_డాక్టరు
ఆగండన్నా, అక్కడ అది నిజంగా వాల్వు తెరవడమే కావచ్చు. ముందువెనకల వాక్యం చూడకుండా మార్చకండి. ఆ పేజీ ఫొటో ముందు పంపండి.

బొబ్బిలి_రమణి
అత్తగారు గెలిచారన్నమాట. లతా, ఆవిడకి చెప్పు.

నాగావళి_లత
చెప్పాను, పాపని ఎత్తుకుని నవ్వుతున్నారు. కానీ ఒక్కటి ఉంది డాక్టరుగారూ. అన్నప్రాసన తర్వాత ఒకరోజు ఆవుపాలు రెండు చెంచాలు పడితే పాపకి ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. శ్రీకాకుళంలో చూపిస్తే పాలు, పాలతో చేసినవి కొన్నాళ్ళు ఆపమన్నారు. ఈ డబ్బాలో పాలు ఉన్నాయా?

టెక్కలి_డాక్టరు
ఈ మాట ముందే చెప్పాల్సింది అమ్మా. ఇప్పుడు అదే అసలు ప్రశ్న. తినేదని తేలింది, మీ పాప తినొచ్చా అన్నది తేలలేదు.

మీ రెండో ఫొటోలో 配料 వరస చూశాను. బియ్యం తర్వాత 白砂糖, పంచదార. దాని తర్వాత మూడక్షరాల మాట, చివరి రెండూ 乳粉. మొదటి అక్షరం సరిగ్గా డబ్బా వంపులో పడి మసకబారింది. 乳 అంటే పాలు. కానీ దానికీ పక్క అక్షరం కావాలి. 牛乳粉 అయితే ఆవుపాల పొడి. 豆乳粉 అయితే సోయా పాల పొడి. ఈ మసకలో అది 牛 గానీ 豆 గానీ కావచ్చు. ఊహించి చెప్పను.

విజీనారం_చిన్నా
ఫొటోని క్లియర్ చేసే యాప్‌లో పెట్టాను. అది 豆 అని చూపిస్తోంది. సోయా పాలు, పర్లేదు.

టెక్కలి_డాక్టరు
చిన్నా, ఆ యాప్ మసకలో లేని గీతలు తనే గీస్తుంది. చదవగలిగే గీతలు లేనప్పుడు దాని మాట ఆధారం కాదు. ఇంకో సంగతి, పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. అక్షరం 豆 అయినా ఆ పాపని చూసిన డాక్టరుని అడిగాకే.

చీపురుపల్లి_మాస్టారు
లేబుల్ మీద ఎలర్జీ హెచ్చరిక విడిగా ఉండదా?

టెక్కలి_డాక్టరు
కొన్నింటి మీద ఉంటుంది, 致敏 అని మొదలయ్యే వరస. అన్నింటి మీదా ఉండదు. ఈ ఫొటోల్లో నాకు కనబడలేదు. అంతమాత్రాన పాలు లేవని కాదు.

కళింగపట్నం_శ్రీను
అమ్మా, గుండ్రటి డబ్బా ఫొటో తీసేటప్పుడు ఒకేసారి అంతా పట్టాలని చూడకు. మా ఓడలో సామాన్ల లేబుళ్ళకి నేను చేసేది చెప్తాను. డబ్బాని బల్ల మీద పడుకోబెట్టి, ఫోన్ కదలకుండా పెట్టి, డబ్బాని కొంచెం కొంచెం తిప్పుతూ ఐదారు ఫొటోలు తియ్యి. ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని ఒక అక్షరం మళ్ళీ పడేలా చూసుకో. టార్చి వెయ్యకు, మెరిసిపోతుంది. పొద్దున్న నీడపట్టున తియ్యి.

నాగావళి_లత
అలాగే అన్నా. పొద్దున్నే అరుగు మీద పెట్టి తీస్తాను. ఈలోగా డబ్బా పై అరలో, అత్తగారికి అందని చోట పెట్టాను. ఆవిడే పెట్టమన్నారు. సోమవారం పాపని శ్రీకాకుళం తీసుకెళ్ళాలి ఎలాగూ, డబ్బా కూడా పట్టుకెళ్తాను.

టెక్కలి_డాక్టరు
మంచిది. ఫొటో రాగానే ఆ ఒక్క అక్షరం చూస్తాను. రాత్రి డ్యూటీలో ఉంటాను, ఎప్పుడు పెట్టినా పర్వాలేదు.

నాగావళి_లత
ఐదు ఫొటోలు పెట్టాను. మూడోదాంట్లో ఉంది ఆ అక్షరం. పైన ఒక అడ్డగీత, దాని కింద చిన్న పెట్టెలాగా కనబడుతోంది నాకు.

చీపురుపల్లి_మాస్టారు
పెట్టె ఉంటే 豆. 牛లో పెట్టె ఉండదు.

టెక్కలి_డాక్టరు
అవును మాస్టారూ, 豆. సోయా పాల పొడి. అయితే ఐదో ఫొటోలో, ఆ వరస చివర్లో మళ్ళీ ఒక 乳 కనబడుతోంది, 乳清 అని. అది పాలు విరిచాక మిగిలే తేట నుంచి తీసేది, అంటే ఆవుపాల సంబంధమే. దాని తర్వాతి అక్షరాలు అతుకు దగ్గర తెగిపోయాయి. లతగారూ, ఆ అతుకు పక్కనుంచి ఇంకొక్క ఫొటో కావాలి. సోమవారం దాకా డబ్బా పై అరలోనే ఉండనివ్వండి.